సాంద్రతతో శానిటైజర్‌లోని ఆల్కహాల్‌ను అంచనా కట్టడం: లేబుల్ మాట నిలుస్తుందా?

(డిగ్రీ రసాయనశాస్త్ర విద్యార్థుల కోసం జరిగిన కార్యశాలలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం ధ్వనిముద్రణ నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఒక శానిటైజర్ సీసా ఉంది. ఇది జెల్ కాదు, నీళ్లలా పలచగా ఉండే స్ప్రే రకం. లేబుల్ మీద ఇథైల్ ఆల్కహాల్ 70 శాతం వి/వి అని ఉంది, గ్లిజరిన్ ఉందని కూడా రాశారు గాని ఎంత ఉందో రాయలేదు. ఈ 70 నిజమా కాదా అన్నది మన ప్రశ్న. పెద్ద పరికరాలేవీ లేకుండా, ఒక తూకం, ఒక స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్, ఒక థర్మామీటర్, ఒక పట్టికతో దీనికి ఎంతవరకు జవాబు చెప్పగలమో ఈ పూట చూద్దాం.

సూత్రం మీకు తెలిసిందే. 20 డిగ్రీల దగ్గర మిల్లీలీటరు నీరు 0.998 గ్రాములు తూగుతుంది, మిల్లీలీటరు ఇథనాల్ 0.789 గ్రాములే తూగుతుంది. కాబట్టి మిశ్రమంలో ఆల్కహాల్ పెరిగేకొద్దీ సాంద్రత తగ్గుతుంది. సాంద్రత తెలిస్తే ఆల్కహాల్ తెలుస్తుంది. ఇంతవరకు చాలా తేలిక. అయితే సాంద్రత అనే అంకెకూ లేబుల్ మీది శాతానికీ మధ్య నాలుగైదు మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టు దగ్గర జారితే నిజాయితీగా తయారుచేసినవాణ్ణి దొంగ అనేస్తాం, లేదా దొంగను వదిలేస్తాం. అందుకని ప్రతి పొరపాటు దగ్గరా ఒకే ప్రశ్న అడగమని మిమ్మల్ని కోరుతున్నాను: ఈ పొరపాటు ఆల్కహాల్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందా, తక్కువ చూపిస్తుందా? ఆ దిశ తెలియకుండా తీర్పు చెప్పకూడదు.

ముందుగా తూకం. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌కు సన్నని రంధ్రమున్న బిరడా ఉంటుంది. సీసాను నిండా పోసి బిరడా పెడితే ఎక్కువైన ద్రవం ఆ రంధ్రం గుండా బయటికి వస్తుంది, పైన తుడిచేస్తాం. అలా ప్రతిసారీ ఒకే ఘనపరిమాణం నిలుస్తుంది. ఈ సీసాను ముందు కడిగి ఆరబెట్టి ఖాళీగా తూచాం: 28.41 గ్రాములు. డిస్టిల్డ్ వాటర్ నింపి తూచాం: 78.19 గ్రాములు. అంటే నీటి బరువు 49.78 గ్రాములు. ఇప్పుడు ఈ గదిలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఆ ఉష్ణోగ్రతలో నీటి సాంద్రత 0.9957. భాగిస్తే సీసా పట్టేది సరిగ్గా 50 మిల్లీలీటర్లు వచ్చింది. సీసా మీద 50 అని ముద్రించి ఉంది కదా, నీళ్లతో మళ్లీ కొలవడం దేనికని మీలో కొందరికి అనిపించవచ్చు. ముద్రించిన అంకె ఉజ్జాయింపు మాత్రమే. అసలు ఘనపరిమాణాన్ని చెప్పేది నీళ్లే.

తర్వాత నీటిని పారబోసి, సీసాను శానిటైజర్‌తోనే రెండుసార్లు తొలిచి, నింపి, బిరడా పెట్టి, బయట తుడిచి వెంటనే తూచాం. వెంటనే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఆల్కహాల్ ఆ సన్నని రంధ్రం గుండా కూడా ఆవిరైపోతూ ఉంటుంది, తూకంలో చివరి అంకె మీ కళ్లముందే దిగుతూ ఉంటుంది. వచ్చిన బరువు 73.06. ఖాళీ సీసా బరువు తీసేస్తే 44.65 గ్రాములు. 50 తో భాగిస్తే సాంద్రత 0.8930.

తూకం ఎంత సన్నగా తూచాలి? 70 శాతం పరిసరాల్లో ఆల్కహాల్ ఒక్క శాతం మారితే సాంద్రత సుమారు 0.0025 మారుతుంది. అంటే 50 మిల్లీలీటర్ల సీసాలో ఒక శాతానికి వచ్చే తేడా 0.12 గ్రాములు. ఒక గ్రాము వరకే చూపే వంటింటి తూకంతో ఈ పని చేస్తే ఎనిమిది శాతం అటూ ఇటూ పోతుంది. గ్రాములో నూరో వంతు చూపే తూకం ఉంటే తూకం వల్ల వచ్చే పొరపాటును దాదాపు మరిచిపోవచ్చు.

సరే, 0.8930 చేతికి వచ్చింది. ఇప్పుడు దీన్ని శాతంగా మార్చాలి. చాలామంది ఇక్కడ ఏం చేస్తారు? నీటికి 0.998, ఆల్కహాల్‌కు 0.789, రెండింటి మధ్య ఒక గీత గీసి, మన అంకె ఎక్కడ పడిందో చూస్తారు. ఇది చాలా సహజమైన ఆలోచన, పూర్తిగా తప్పు. ఎందుకంటే నీటినీ ఇథనాల్‌నూ కలిపితే ఘనపరిమాణం కుంచించుకుపోతుంది. 50 మిల్లీలీటర్ల నీటికి 50 మిల్లీలీటర్ల ఇథనాల్ కలిపితే నూరు రాదు, 96, 97 మధ్య వస్తుంది. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మాత్రం తగ్గింది, కాబట్టి మిశ్రమం మనం అనుకున్నదానికంటే సాంద్రంగా ఉంటుంది. ఫలితం ఎంత దారుణంగా ఉంటుందో చూడండి. కచ్చితంగా 70 శాతం వి/వి ఉన్న ఇథనాల్ సాంద్రత 20 డిగ్రీల దగ్గర 0.8856. ఈ అంకెను ఆ తిన్నని గీత మీద పెడితే వచ్చేది 54 శాతం! లేబుల్ మాటను అక్షరాలా నిలబెట్టుకున్న సీసాను పట్టుకుని ఇందులో 54 శాతమే ఉందని మనం ప్రకటిస్తాం. గీత గీసే పద్ధతి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. అందుకని సూత్రాలు అల్లుకోకుండా ఇథనాల్, నీటి మిశ్రమాలకు కొలిచి తయారుచేసిన పట్టికనే వాడాలి.

పట్టికలోనూ ఒక చిక్కు ఉంది. పట్టికలు ఎక్కువగా బరువు శాతంలో ఉంటాయి, అంటే నూరు గ్రాముల మిశ్రమంలో ఎన్ని గ్రాముల ఇథనాల్ ఉందో చెబుతాయి. లేబుల్ చెప్పేది ఘనపరిమాణ శాతం, అంటే నూరు మిల్లీలీటర్ల మిశ్రమంలో ఎన్ని మిల్లీలీటర్ల ఇథనాల్ ఉందన్నది. ఈ రెండూ ఒకటి కాదు. ఘనపరిమాణంలో 70 శాతం అంటే బరువులో సుమారు 62.4 శాతం. పట్టికలో 62 అని చూసి, లేబుల్‌లో 70 అని చూసి, ఎనిమిది శాతం దోచుకున్నారని కేకలు వేసినవారు ఉంటారు. అక్కడ దోపిడీ ఏమీ లేదు. బరువు శాతాన్ని 20 డిగ్రీల దగ్గర ఆ మిశ్రమానికి ఉండే సాంద్రతతో గుణించి, 0.7893 తో భాగిస్తే ఘనపరిమాణ శాతం వస్తుంది. ఈ పొరపాటు కూడా తక్కువ చూపించే వైపే మొగ్గుతుంది, గుర్తుంచుకోండి.

ఇక ఉష్ణోగ్రత. మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ తప్పులు వచ్చేది ఇక్కడే. పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికేది 20 డిగ్రీల పట్టిక. మన ప్రయోగశాలల్లో 20 డిగ్రీలు ఎప్పుడు ఉంటుంది? డిసెంబరు తెల్లవారుజామున ఉంటుందేమో. ఆల్కహాల్ మిశ్రమం వేడికి బాగా వ్యాకోచిస్తుంది, ఒక్కో డిగ్రీకి సాంద్రత సుమారు 0.00085 తగ్గుతుంది. పది డిగ్రీల తేడా అంటే 0.0085. ఇందాక చెప్పిన లెక్కలో అది మూడున్నర శాతం ఆల్కహాల్‌తో సమానం. మే నెలలో 40 డిగ్రీల గదిలో కొలిచి 20 డిగ్రీల పట్టిక చూస్తే దాదాపు ఏడు శాతం తేడా వస్తుంది. ఏ వైపు? వేడికి సాంద్రత తగ్గుతుంది, సాంద్రత తగ్గితే ఆల్కహాల్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. అంటే ఎండాకాలం కల్తీదారుకు మేలు చేస్తుంది. 63 శాతం ఉన్నది 70 లా కనిపిస్తుంది.

మన సీసాకు ఈ రెండు దారులూ పట్టి చూద్దాం. మనం కొలిచింది 30 డిగ్రీల దగ్గర. 30 డిగ్రీల పట్టికలో బరువు శాతం 50 దగ్గర సాంద్రత 0.9058, 60 దగ్గర 0.8828. మన 0.8930 వాటి మధ్య 55.6 దగ్గర పడుతుంది. 55.6 బరువు శాతానికి 20 డిగ్రీల సాంద్రత 0.9012. గుణించి, 0.7893 తో భాగిస్తే 63.5 శాతం వి/వి. ఇదే 0.8930 ని తొందరలో 20 డిగ్రీల పట్టికలో చూసి ఉంటే 67 వచ్చేది. 67 అంటే ఏమనుకుంటాం? 70 కి దగ్గరే, పోనీలే అనుకుంటాం. 63.5 అంటే ఆగి ఆలోచిస్తాం. ఒకే సీసా, ఒకే తూకం, పట్టిక మారితే తీర్పే మారిపోతోంది. అందువల్ల థర్మామీటర్‌ను గది గోడకు కాకుండా ద్రవంలోనే పెట్టండి. వీలైతే నీటినీ నమూనానూ ఒకే నీళ్ల తొట్టిలో అరగంట ఉంచి, రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకే సీసాలో నింపండి. ఆల్కహాల్‌మీటర్‌తో, అంటే గాజు తేలుడు గొట్టంతో కొలిచేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. దాని కాడ మీద ఏ ఉష్ణోగ్రతకు తయారుచేశారో రాసి ఉంటుంది, అది చదవకుండా గీత చదవకూడదు.

అయితే 63.5 తో ఆగిపోవచ్చా? ఆగకూడదు. ఎందుకంటే మన పట్టిక నీరు, ఇథనాల్ రెండే ఉన్న మిశ్రమానిది, మన సీసాలో గ్లిజరిన్ కూడా ఉంది. చేతులు పొడిబారకుండా దాన్ని కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూత్రంలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరిన్, 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. పెరాక్సైడ్ అంత కొంచెం కాబట్టి సాంద్రతను పట్టించుకునేంత మార్చదు. గ్లిజరిన్ అలా కాదు. దాని సాంద్రత 1.26, నీటికంటే బరువు. అది నీటి స్థానంలో కూర్చుంటే మిశ్రమం సాంద్రత పెరుగుతుంది, మన లెక్కలో ఆల్కహాల్ తగ్గినట్టు కనిపిస్తుంది. నూటికి ఒకటిన్నర మిల్లీలీటర్ల గ్లిజరిన్ ఆల్కహాల్‌ను సుమారు ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. ఇది తయారీదారుకు అన్యాయం చేసే పొరపాటు, దాన్ని సరిదిద్దే బాధ్యత మనది.

గ్లిజరిన్ ఎంతుందో లేబుల్ చెప్పకపోతే ఎలా? ఆరబెట్టి తూస్తే సరి. తూచిన పింగాణీ గిన్నెలో 20 మిల్లీలీటర్ల నమూనా పోసి, వేడినీళ్ల తొట్టి మీద ఆవిరి చేయాలి. విద్యుత్తుతో వేడయ్యే తొట్టినే వాడాలి, చుట్టుపక్కల మంట ఉండకూడదు, గాలి ఆడే చోట చేయాలి. 70 శాతం ఆల్కహాల్ ఆవిరి మన గది వేడిలోనే అంటుకోగలదన్న సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఆల్కహాల్, నీరు పోయాక గిన్నెలో జిగురులాంటి పొర మిగులుతుంది. వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేవరకు ఆరబెట్టి తూచితే ఇక్కడ 0.36 గ్రాములు వచ్చింది. 1.26 తో భాగిస్తే 20 మిల్లీలీటర్లలో 0.286 మిల్లీలీటర్లు, అంటే నూటికి 1.43. గ్లిజరిన్ తేమను కొంత పట్టుకుంటుంది కాబట్టి నిజం దీనికి కొంచెం తక్కువే ఉండవచ్చు. ఇప్పుడు దిద్దుబాటు చేద్దాం. ప్రతి మిల్లీలీటరు గ్లిజరిన్ నీటికంటే 0.26 గ్రాములు ఎక్కువ తూగుతుంది. నూటికి 1.43 అంటే సాంద్రతలో 0.0037. దాన్ని 0.8930 నుంచి తీసేస్తే 0.8893. మళ్లీ 30 డిగ్రీల పట్టిక చూస్తే బరువు శాతం 57.2, ఘనపరిమాణ శాతంలో 65.

ఇప్పుడు తీర్పు దగ్గరికి వచ్చాం. లేబుల్ 70 అంటోంది, మన కొలత 65 అంటోంది. ఈ ఐదు శాతం తేడా నిజమైనదా, మన చేతి పొరపాటా? లెక్క కడదాం. ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే 0.35 శాతం. తూకంలో 0.02 గ్రాములు తేడా వస్తే 0.2 శాతానికి లోపు. గ్లిజరిన్ దిద్దుబాటు స్థూలమైనది, అందులో అర శాతం ఉంచుదాం. రంగు, సువాసన, ఇంకేవైనా చిన్న పదార్థాలకు మరో అర శాతం. అన్నీ ఒకే వైపు పోయినా ఒకటిన్నర శాతం దాటడం కష్టం. కాబట్టి నిజమైన విలువ 63.5 నుంచి 66.5 మధ్య ఉందని చెప్పగలం. 70 ఆ పరిధిలో లేదు. ఈ సీసాలోని ద్రవం లేబుల్ మాటకు తగ్గట్టు లేదు. ఇంతవరకు మనం ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ సీసాలోని ద్రవం అన్నాను, గమనించండి. తయారీదారు తక్కువ పోశాడని నేను అనలేదు. ఎందుకు? ఆల్కహాల్ నీటికంటే వేగంగా ఆవిరవుతుంది. మూత వదులైన సీసా, పంపు తల ఉన్న సీసా, ఎండలో నెలల తరబడి నిలబడిన సీసా ఆల్కహాల్‌ను పోగొట్టుకుంటూ ఉంటుంది, నీరు మాత్రం చాలావరకు మిగిలిపోతుంది. వాడి సగమైన సీసాను కొలిచి కంపెనీని నిందిస్తే న్యాయం కాదు. అందుకని సీలు తీయని సీసా తీసుకోవాలి, అదే బ్యాచ్ నంబరున్న రెండో సీసా వేరే దుకాణంలో కొనాలి, రెండూ తక్కువ చూపిస్తే అప్పుడు మాట మారుతుంది.

ఇంకో ప్రశ్న కూడా మీలో కొందరికి వచ్చే ఉంటుంది. 65 శాతమైతే పని చేయదా? లేబుల్‌తో సరిపోవడం వేరు, పని చేయడం వేరు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చేతుల కోసం కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడమని చెబుతుంది. ఈ సీసా ఆ గీతకు పైనే ఉంది. కాబట్టి ఇది పనికిరాని సరుకు అని రాయకూడదు, లేబుల్ చెప్పినంత లేదని మాత్రమే రాయాలి. 70 అని రాసి 58 ఉన్న సీసా దొరికితే రెండు మాటలూ రాయవచ్చు. ఆ రెండు ప్రశ్నలను నివేదికలో వేర్వేరు వాక్యాల్లో ఉంచండి.

ఇప్పుడు జెల్ సంగతి. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌లో జెల్ పోసి తూచవచ్చా అని ఇందాక వెనక వరుస నుంచి ఒక అమ్మాయి అడిగింది. పోయవచ్చు, కానీ వచ్చిన అంకెను నమ్మకూడదు. జెల్‌కు చిక్కదనాన్ని ఇచ్చేది సాధారణంగా కార్బొమర్ అనే పాలిమర్. అది గాలి బుడగలను పట్టి ఉంచుతుంది. గాలికి బరువు దాదాపు లేదు, చోటు మాత్రం ఆక్రమిస్తుంది. కాబట్టి సాంద్రత తగ్గుతుంది, ఆల్కహాల్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. ఎంత ఎక్కువ? 60 శాతం మిశ్రమం సాంద్రత 20 డిగ్రీల దగ్గర 0.9091. అందులో నూటికి మూడు వంతులు గాలి చేరితే 0.8818 అవుతుంది. పట్టికలో అది 71 శాతానికి పైన! తక్కువ పోసిన జెల్ బుడగల సాయంతో పరీక్షలో నెగ్గేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన దారి ఉంది. ఒకసారి తూచి, అదే జెల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మళ్లీ తూచండి. సాంద్రత పెరిగితే మొదటి అంకెలో గాలి ఉందన్నమాట. కొందరు జెల్‌లో చిటికెడు ఉప్పు వేసి దాన్ని నీరులా కరిగిస్తారు. జెల్ విరుగుతుంది, నిజమే, కాని ఉప్పు సాంద్రతను పెంచేస్తుంది కాబట్టి ఆ తర్వాత నేరుగా తూచి ప్రయోజనం లేదు.

జెల్‌కు సరైన పద్ధతి స్వేదనం. ఫార్మకోపియాల్లో ఔషధాల్లోని ఆల్కహాల్ కొలిచేందుకు ఉన్న పాత పద్ధతే ఇది. 25 మిల్లీలీటర్ల నమూనాకు 100 నుంచి 150 మిల్లీలీటర్ల నీరు చేర్చి, విద్యుత్ మాంటిల్ మీద కాచి, కనీసం 90 మిల్లీలీటర్లు పట్టి, మొదటి ఉష్ణోగ్రతకు తెచ్చి నీటితో 100 మిల్లీలీటర్లు చేస్తాం. ఆల్కహాల్ మొత్తం ఇవతలికి వస్తుంది, గ్లిజరిన్, పాలిమర్, ఉప్పు అన్నీ ఫ్లాస్కులోనే మిగిలిపోతాయి. వచ్చిన ద్రవం సాంద్రత కొలిచి, పట్టికలో చూసి, నాలుగుతో గుణిస్తే నమూనాలోని శాతం వస్తుంది. జెల్‌ను కొలిచేటప్పుడు బుడగలు మోసం చేస్తాయి కాబట్టి 25 మిల్లీలీటర్లకు బదులు తూచి తీసుకోవడం మేలు. ఒక జాగ్రత్త ఉంది: నాలుగుతో గుణించినప్పుడు పొరపాటు కూడా నాలుగు రెట్లవుతుంది. పలచని ద్రవంలో నమూనా తాలూకు ఒక శాతానికి సాంద్రత 0.0003 లోపే మారుతుంది. కాబట్టి ఇక్కడ తూకం మిల్లీగ్రాముల్లో ఉండాలి, ఉష్ణోగ్రత డిగ్రీలో పదో వంతు వరకు తెలియాలి.

చివరిగా, ఈ పద్ధతికి ఎంతమాత్రం కనిపించనిది ఒకటుంది. మనం ఇంతసేపూ లోపల ఉన్నది ఇథనాల్ అని లేబుల్ మాట నమ్మి లెక్క చేశాం. ఇథనాల్ సాంద్రత 0.789. మిథనాల్ సాంద్రత 0.791. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 0.785. తూకం ఈ మూడింటినీ విడదీయలేదు, స్వేదనమూ విడదీయలేదు. ఐసోప్రొపైల్ అని లేబుల్ మీదే ఉంటే దాని పట్టిక వేరే ఉంది, అది వాడాలి; ఇథనాల్ పట్టిక వాడితే 70 శాతం దగ్గర మూడు నాలుగు శాతం ఎక్కువ చూపిస్తుంది. మిథనాల్ అయితే ఎవరూ లేబుల్ మీద రాయరు. అది చర్మం గుండా, శ్వాస గుండా కూడా ఒంట్లోకి పోతుంది, కడుపులోకి పోతే చూపునూ ప్రాణాన్నీ తీస్తుంది. మిథనాల్ కలిసిన శానిటైజర్ల గురించి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2020 జూన్ నుంచి వరుసగా హెచ్చరికలు ఇచ్చింది. ఆ ఏడాదే జూలై చివర్లో మన ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పలువురు చనిపోయారు. ఎంత మంచి శానిటైజరైనా తాగేది కాదు. కాని సాంద్రత సరిపోయిందని మనం ఇచ్చే కాగితాన్ని ఎవరైనా ఇది సురక్షితమని చదువుకునే ప్రమాదం ఉంది, ఆ ప్రమాదాన్ని మనం తెలిసి మిగల్చకూడదు.

కాబట్టి నివేదికలో ఏం రాయాలి? ఏ సీసా, ఏ బ్యాచ్, సీలు ఉందా లేదా, ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచాం, సాంద్రత ఎంత, గ్లిజరిన్‌కు దిద్దుబాటు చేశామా, శాతం ఎంత, ఎంత అటూ ఇటూ కావచ్చు. ఈ సీసాకైతే ఇలా రాస్తాను: ఆల్కహాల్ అంతా ఇథనాలే అనుకుంటే 65 శాతం వి/వి, ఒకటిన్నర అటూ ఇటూ, లేబుల్ చెప్పిన 70 కంటే తక్కువ, ఏ ఆల్కహాలో ఈ పరీక్ష చెప్పలేదు. ఏ ఆల్కహాలో చెప్పగలిగేది గ్యాస్ క్రొమటోగ్రఫీ. చట్టం ముందు నిలబడేది ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు తీసిన నమూనా మీద ప్రభుత్వ విశ్లేషకుడు ఇచ్చే నివేదిక. మన కొలత చేసే పని, వందల సీసాల్లోంచి అక్కడికి ఏ సీసాను పంపాలో చూపించడం. ఇప్పుడు మీ బల్లల మీద ఉన్న సీసాలు తీసుకోండి, ముందు థర్మామీటర్ చూడండి.